కిలోమీటరుకు తక్కువ పెట్రోలు తాగే వేగం ఏది?

కారు ఎంత వేగంతో వెళ్తే పెట్రోలు కలిసొస్తుంది? ఎంత నెమ్మదిగా వెళ్తే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. గంటకు ఎంత తాగుతోందని చూస్తే అది నిజమే. ఆ లెక్కన అన్నిటికన్నా పొదుపైనది ఇంజన్ ఆన్‌లో ఉండి కదలకుండా నిలబడ్డ కారు. కానీ మనకు ఊరు చేరాలి కదా! అందుకే లెక్క కిలోమీటరుకు ఎంతన్నది వేయాలి.

హైవే మీద ఒక కిలోమీటరు నడవడానికి ఖర్చయ్యే పెట్రోలులో మూడు వాటాలుంటాయి. మొదటిది, ఇంజన్ తనను తాను తిప్పుకోవడానికి గంటల లెక్కన తాగేది. వేగం పెరిగితే కిలోమీటరు త్వరగా పూర్తవుతుంది కనుక ఈ వాటా తగ్గుతుంది. రెండోది టైర్ల రాపిడికి, టాప్ గేరులో యంత్రం లోపలి రాపిడికి పోయేది. కిలోమీటరు లెక్కన ఇది దాదాపు మారదు. మూడోది గాలిని తోసుకుపోవడానికి అయ్యేది. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది: వేగం రెట్టింపైతే ఈ వాటా నాలుగు రెట్లవుతుంది.

ఒక చిన్న పెట్రోలు కారును తీసుకుందాం. అంకెలు ఉజ్జాయింపువి, లెక్క తేలిగ్గా తేలేలా కాస్త సర్దినవి. వేగం గంటకు v కిలోమీటర్లయితే, కిలోమీటరుకు పట్టే పెట్రోలు మిల్లీలీటర్లలో ఇలా ఉంటుంది:

800/v + 16 + 0.0032v²

ఇప్పుడు 50 దగ్గర ఆగి చూడండి. వేగాన్ని 51కి పెంచితే మొదటి వాటాలో సుమారు 0.32 మిల్లీలీటర్లు మిగులుతాయి. గాలి వాటా కూడా దాదాపు అంతే, 0.32 పెరుగుతుంది. లాభం నష్టం సమానమైన ఈ చోటే ఖర్చు కనిష్ఠం. ఇంటర్‌లో అవకలనం చదివినవారు దీన్నే 800/v² = 0.0064v అని రాస్తారు. v³ విలువ 1,25,000 వస్తుంది, అంటే v = 50. అక్కడ కిలోమీటరుకు 40 మిల్లీలీటర్లు, అంటే లీటరుకు 25 కిలోమీటర్ల మైలేజీ.

కనిష్ఠం దగ్గర ఖర్చు రేఖ చాలా చదునుగా ఉంటుంది. 40కి తగ్గినా, 60కి పెరిగినా నష్టం కిలోమీటరుకు ఒక మిల్లీలీటరు చుట్టుపక్కలే. కాబట్టి ఖచ్చితంగా 50 అని ముల్లు వంక చూస్తూ నడపనక్కర్లేదు. పై వైపు వెళ్లేకొద్దీ మాత్రం పరిస్థితి మారిపోతుంది. 80 దగ్గర మరో కిలోమీటరు వేగం పెంచితే మిగిలేది 0.12, అదనంగా పోయేది 0.51. మైలేజీ 80లో 21.5 ఉంటే, 100లో 18కి, 120లో 14.5కి పడిపోతుంది.

నిజం కారులో ఈ కనిష్ఠం కొంచెం పైకి జరుగుతుంది. చాలా కార్లు 50లో టాప్ గేరు లాగలేక గునుస్తాయి. గేరు తగ్గిస్తే ఇంజన్ తిరుగుళ్లు పెరిగి రెండో వాటా పెరుగుతుంది. ఏసీ వేస్తే గంటల లెక్కన తాగేది పెరుగుతుంది. అది గంటకు 400 మిల్లీలీటర్లు అనుకుంటే పొదుపు వేగం 57 అవుతుంది. గంటల లెక్కన అయ్యే ఖర్చు ఏది పెరిగినా ఆ వేగం పెరగడమే ఈ సూత్రంలోని అసలు సంగతి.

డ్రైవరు జీతం అలాంటి ఖర్చే. గంటకు 100 రూపాయలు, పెట్రోలు లీటరు 100 రూపాయలు అనుకుందాం. అప్పుడు డ్రైవరు గంటకు మరో 1,000 మిల్లీలీటర్లకు సమానం. ఏసీతో కలిపి 800 కాస్తా 2,200 అవుతుంది, పొదుపు వేగం 70కి చేరుతుంది. అక్కడ కిలోమీటరుకు మొత్తం 6 రూపాయల 31 పైసలు, 100లో వెళ్తే 7 రూపాయలు. హైదరాబాదు నుంచి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. అంత దూరానికి తేడా 186 రూపాయలు, కలిసొచ్చే సమయం గంటా పది నిమిషాలు లోపు. ఆ గంటకు డ్రైవరు జీతం ఇప్పటికే లెక్కలో చేరింది. మీ సొంత సమయానికి ఈ 186 రూపాయలు తగునో లేదో మీరే తేల్చుకోవాలి.

ఊళ్లో ఈ సూత్రం పనిచేయదు. అక్కడ చాలా పెట్రోలు బ్రేకుల్లో వేడిగా పోతుంది.

మీ కారు లెక్క తెలియాలంటే, రద్దీలేని చదునైన రోడ్డు మీద ట్రిప్ మీటర్ సున్నా చేసి, ఒకే వేగంతో కొన్ని కిలోమీటర్లు వెళ్లి, అదే వేగంతో వెనక్కి రండి. గాలి, వాలు ప్రభావం చాలావరకు చెల్లిపోతుంది. 60, 80, 100లలో విడివిడిగా చూడండి. సగటు తీసేటప్పుడు మాత్రం మైలేజీలను కూడకండి, కిలోమీటరుకు పట్టిన పెట్రోలును కూడండి. వెళ్లేటప్పుడు 30, వచ్చేటప్పుడు 20 చూపిస్తే మీ అసలు మైలేజీ 25 కాదు, 24.