స్టేట్‌మెంట్‌లో కనబడని కోత

మ్యూచువల్ ఫండ్‌లో డబ్బు పెట్టినవారు ఏడాదికోసారి స్టేట్‌మెంట్ తీసి చూస్తారు. కొన్న యూనిట్లు, ఇవాళ్టి ఎన్ఏవీ, మొత్తం విలువ అన్నీ అందులో ఉంటాయి. ఫండ్ నడిపేవాళ్లు తీసుకున్న ఖర్చు మాత్రం యూనిట్లలోంచి కోసినట్టు ఎక్కడా కనిపించదు. అందుకే చాలామంది ఖర్చే లేదనుకుంటారు. ఇంకొందరు చివర్లో విడిగా కోస్తారని భయపడతారు. ఈ రెండో భ్రమ పరీక్షల్లోనూ దెబ్బ తీస్తుంది. డిస్ట్రిబ్యూటర్లు రాసే ఎన్ఐఎస్ఎం పరీక్ష కావచ్చు, కామర్స్ విద్యార్థుల ప్రశ్నపత్రం కావచ్చు, ఖర్చును రెండుసార్లు తీసేసి మార్కు పోగొట్టుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఖర్చు ఎక్కడ, ఎప్పుడు తీస్తారో ఒక ఊహా స్కీమ్ లెక్కతో చూద్దాం.

ఆ స్కీమ్ దగ్గరున్న షేర్ల మార్కెట్ విలువ ఈ సాయంత్రానికి 98 కోట్ల రూపాయలు. వాటిని కొన్నప్పుడు పెట్టింది 70 కోట్లు. బ్యాంకులో 3 కోట్లు ఉన్నాయి. కంపెనీలు ప్రకటించినా ఇంకా చేతికి రాని డివిడెండ్ 50 లక్షలు. కొన్న షేర్లకు ఇంకా చెల్లించాల్సింది కోటీ 20 లక్షలు. ఇవాళ్టి వరకూ లెక్కకట్టి ఇంకా చెల్లించని ఖర్చులు 30 లక్షలు. యూనిట్ మూలధనం 40 కోట్లు, ముఖవిలువ 10 రూపాయలు. ఎన్ఏవీ ఎంత?

ఈ ప్రశ్నలో రెండు ఉచ్చులున్నాయి. మొదటిది ఆ 70 కోట్లు. ఎన్ఏవీకి మార్కెట్ విలువే కావాలి, కొన్న ధరతో పని లేదు. రెండోది 40 కోట్లు. అది యూనిట్ల సంఖ్య కాదు, రూపాయలు. ముఖవిలువ 10తో భాగిస్తే యూనిట్లు 4 కోట్లు. ఇక లెక్క సులువే. 98, 3, అర కోటి కలిపితే 101.5 కోట్లు. అందులోంచి 1.2 కోట్లు, 0.3 కోట్లు తీసేస్తే నికర ఆస్తి 100 కోట్లు. దాన్ని 4 కోట్ల యూనిట్లతో భాగిస్తే ఎన్ఏవీ 25 రూపాయలు. చేతికి రాని డివిడెండ్‌ను కలుపుకున్నాం, చెల్లించని ఖర్చును తీసేశాం. డబ్బు చేతులు మారే రోజుతో సంబంధం లేదు. హక్కు ఏర్పడిన రోజే, బాధ్యత పుట్టిన రోజే అది లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు ఆ 30 లక్షల ఖర్చు ఎలా పోగయిందో చూద్దాం. ఫండ్ మేనేజర్ ఫీజు, డిస్ట్రిబ్యూటర్ కమీషన్, రిజిస్ట్రార్, కస్టోడియన్, ఆడిటర్ ఫీజులు అన్నీ కలిపి నికర ఆస్తిలో ఏడాదికి ఇంత శాతం అని చెప్పేదే ఎక్స్‌పెన్స్ రేషియో. ఏడాదికని చెప్పినా ఏడాది చివర ఒక్కసారి తియ్యరు, రోజూ తీస్తారు. మన స్కీమ్‌కు అది 1.825 శాతం అనుకుందాం. 365తో భాగిస్తే రోజుకు 0.005 శాతం. 100 కోట్లలో అది 50,000 రూపాయలు. 4 కోట్ల యూనిట్లకు పంచితే ఒక్కో యూనిట్ మీద 0.00125 రూపాయలు, అంటే పైసాలో ఎనిమిదో వంతు. కంటికి ఆనదు కానీ ఆగదు. ఆదివారం మార్కెట్ మూతపడినా ఆ రోజు ఖర్చు లెక్కలో చేరుతూనే ఉంటుంది.

మర్నాడు షేర్ల విలువ 60 లక్షలు పెరిగిందనుకోండి. నికర ఆస్తి 100.60 కోట్లు కావాలి. 50,000 ఖర్చు తీసేస్తే 100.595 కోట్లు మిగులుతుంది. యూనిట్‌కు 25.14875, రెండు దశాంశాలకు సవరిస్తే 25.15 రూపాయలు. సాయంత్రం ప్రకటించేది ఈ అంకెనే. ఖర్చు పోగా మిగిలిందే మీకు చూపిస్తారన్న మాట.

ఇది అర్థమైతే ఈ ప్రశ్న తేలిక. ఏడాది మొదట ఎన్ఏవీ 20 రూపాయలు, చివర 23. మధ్యలో డివిడెండ్ పంచలేదు. ఎక్స్‌పెన్స్ రేషియో 1.8 శాతం. మదుపరికి వచ్చిన రాబడి ఎంత? మూడు రూపాయలను 20తో భాగిస్తే 15 శాతం. అదే జవాబు. 15లోంచి 1.8 తీసి 13.2 అని రాసినవారు ఖర్చును రెండోసారి కోసినట్టే. ప్రశ్నలో రేషియో ఇచ్చారు కాబట్టి వాడి తీరాలన్న తొందరే అక్కడ ముంచుతుంది. ఆ స్కీమ్ షేర్లు నిజానికి దాదాపు 17 శాతం సంపాదించి ఉండాలి. ఖర్చు పోగా మదుపరికి మిగిలింది 15.

ఇంకో రకం ప్రశ్నలో ఖర్చు రూపాయల్లో ఇచ్చి రేషియో అడుగుతారు. ఏడాది ఖర్చు కోటీ 80 లక్షలు. నికర ఆస్తి మొదట 90 కోట్లు, చివర 150 కోట్లు. చివరి అంకెతో భాగిస్తే 1.2 శాతం, మొదటిదానితో భాగిస్తే 2 శాతం వస్తుంది. రెండూ తప్పే. ఖర్చు ఏ రోజుది ఆ రోజు ఆస్తి మీద పడుతుంది కనుక భాగించాల్సింది సగటు ఆస్తితో. సగటు 120 కోట్లు, రేషియో 1.5 శాతం. అసలు లెక్కలో రోజువారీ ఆస్తుల సగటు తీస్తారు. పరీక్షలో రెండు అంకెలే ఇస్తే వాటి సగటు చాలు.

చాలామందిని తికమక పెట్టే సంగతి మరొకటుంది. కొత్తవాళ్లు వచ్చి 10 కోట్లు పెడితే యూనిట్ విలువ పెరుగుతుందా? మన స్కీమ్‌లో 25 రూపాయల చొప్పున వారికి 40 లక్షల యూనిట్లు ఇస్తారు. ఆస్తి 110 కోట్లు, యూనిట్లు 4.4 కోట్లు. భాగించి చూడండి, మళ్లీ 25 రూపాయలే. షేరు ధరను గిరాకీ పెంచుతుంది. యూనిట్ విలువను మార్చేవి లోపలున్న ఆస్తులు, వాటి మీద పడే ఖర్చులు మాత్రమే. 10 రూపాయల యూనిట్ చవక, 100 రూపాయలది ఖరీదు అనుకోవడం కూడా ఇందుకే తప్పు. రెంటి లోపలా ఒకే షేర్లుండి అవి 10 శాతం పెరిగితే, ఎందులో 10,000 పెట్టినా 11,000 అవుతుంది.

ఇక ఈ చిన్న కోత ఏళ్ల తరబడి ఎంతవుతుందో చూడాలి. 2013 జనవరి 1 నుంచి మన దేశంలో చాలా స్కీమ్‌లకు డిస్ట్రిబ్యూటర్ ద్వారా కొనే రెగ్యులర్ ప్లాన్‌తో పాటు నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్ కూడా ఉంది. షేర్లు ఒకటే, మేనేజర్ ఒకరే. డైరెక్ట్‌లో కమీషన్ ఉండదు కనుక దాని రేషియో తక్కువ. షేర్లు ఏటా 12 శాతం సంపాదిస్తున్నాయనీ, రెగ్యులర్ రేషియో 1.8, డైరెక్ట్ రేషియో 0.8 అనీ అనుకుందాం. సుమారు లెక్కగా నికర రాబడి 10.2, 11.2 శాతం. లక్ష రూపాయలు పదేళ్లకు రెగ్యులర్‌లో దాదాపు 2,64,100, డైరెక్ట్‌లో దాదాపు 2,89,100 అవుతాయి. ఒక్క శాతం తేడా పెట్టిన సొమ్ములో పావు వంతును తినేసింది. కోసిన డబ్బుతో పాటు అది సంపాదించాల్సిన రాబడి కూడా పోయింది కాబట్టే తేడా ఇంత పెరిగింది. సలహా, సేవ ఆ ధరకు తగినవేనా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి. కానీ ధర ఎంతో తెలియకుండా తేల్చుకోలేరు.

ఫండ్ వెబ్‌సైట్‌లో ఒకే స్కీమ్ రెండు ప్లాన్ల ఎన్ఏవీలు పక్కపక్కన ఉంటాయి. డైరెక్ట్ ఎన్ఏవీ ఎక్కువ కనిపిస్తే అది ఖరీదైనదని అనుకోవద్దు. గ్రోత్ ఆప్షన్‌లో ఆ రెండింటి మధ్య ఎడం, ఇన్నేళ్లూ రెగ్యులర్ ప్లాన్ నుంచి రోజురోజుకూ అదనంగా పోయిన ఖర్చు, దాని మీద రావాల్సిన రాబడి.