పలకపై రాసుకోవాల్సిన ప్రసంగం

ఊళ్లో గ్రంథాలయం తెరిచే సభ ఎలా సాగుతుందో చూసినవారందరికీ తెలుసు. షామియానా కింద ముందు వరుసల్లో బడిపిల్లలు కూర్చుంటారు. వేదిక మీద జ్యోతి వెలుగుతుంది, శాలువాలు కప్పుతారు. తర్వాత మైకు అందుకున్న వక్త వేదికనలంకరించిన పెద్దలను ఒక్కొక్కరినీ సంబోధించడం మొదలుపెడతాడు. ఆ వరుస ముగిసేసరికి పిల్లలు పక్కవాడి చొక్కా లాగడం మొదలవుతుంది. ఆ సభ ఎవరి కోసమో వాళ్లకే వినిపించని ప్రసంగం అది.

తెలుగునాట గ్రంథాలయాలకు దాతల అండ కొత్త కాదు. హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది రావిచెట్టు రంగారావు ఇంట్లోనే. కొమర్రాజు లక్ష్మణరావు పూనుకున్నారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఆదుకున్నారు. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో గ్రంథాలయాల ప్రతినిధులు కూడి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని ఏర్పరచారు. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఇప్పటికీ నడుస్తోంది. ఒకరు చోటిస్తే, ఇంకొకరు డబ్బిస్తే, మరొకరు సాయంత్రాలు కూర్చుని తాళం తీస్తే నిలిచిన సంస్థలివి. కాబట్టి ప్రారంభ ప్రసంగంలో కృతజ్ఞతలు చెప్పడం మర్యాద కోసం చేర్చే భాగం కాదు, ఆ గది ఎలా తయారైందో ఊరికి చెప్పే కథ.

ఆ కథ చెప్పడంలో పొరపాట్లు మాత్రం చాలా జరుగుతాయి. మామూలుగా ఎక్కువ మొత్తం ఇచ్చినవారి పేరు ముందు, తక్కువ ఇచ్చినవారి పేరు చివర చదువుతారు. లక్ష ఇచ్చినాయన పేరుకు చప్పట్లు మోగుతాయి. ఐదు వందలు ఇచ్చినామె పేరు వచ్చేసరికి మైకు కిర్రుమంటుంది, జనం లేస్తుంటారు. డబ్బు వరుసలో కాకుండా వస్తువు వరుసలో చెబితే ఈ చిక్కు తప్పుతుంది. గదిలోకి అడుగుపెడితే ఏది ముందు కనిపిస్తుందో అదే ముందు: గుమ్మం, బీరువా, చాపలు, ఫ్యాను, పుస్తకాలు.

ఒక ఊరు అనుకుందాం. స్థలం ఒక రైతు కుటుంబానిది. అమెరికాలో ఉంటున్న అదే ఊరి అమ్మాయి పుస్తకాలకు లక్ష రూపాయలు పంపింది. వడ్రంగి కలప ఖరీదు మాత్రమే తీసుకుని మూడు రోజుల కూలి వదులుకుని అరలు చేశాడు. డ్వాక్రా సంఘం మహిళలు చాపలు కొన్నారు. రిటైరైన మాస్టారు తన పుస్తకాలు నాలుగు వందలు ఇచ్చారు. వక్త ఇలా మొదలుపెట్టవచ్చు: "పిల్లలూ, లోపలికి వెళ్లగానే కింద చాపలు కనిపిస్తాయి. అవి మన సంఘం అక్కలు కొన్నవి, కాళ్లు కడుక్కుని కూర్చోండి. ఎదురుగా అరలున్నాయి, కింది అర మీ ఎత్తుకు సరిపోయేలా మన వడ్రంగి మామయ్య కొలత తీసి మరీ చేశాడు." అసలు సభలో మామయ్య అన్నచోట ఆయన పేరు ఉంటుంది. దాత పేరు వస్తువుతో కలిసి వినబడితే పిల్లలకు గుర్తుంటుంది. నిమిషంలో కూలి విలువ, లక్ష విలువ ఒకే మాటలో ఇమిడిపోతాయి.

పేర్ల జాబితా మాత్రం సభకు ముందు రోజే ఖరారు కావాలి. దాతనో, ఆ ఇంటివాళ్లనో పిలిచి ఇంటిపేరుతో సహా చదివించుకోవాలి. ఒక పేరు మరిచిపోతే ఆ కుటుంబం ఏళ్ల తరబడి ఆ గుమ్మం తొక్కకపోవచ్చు. పల్లెల్లో ఇలాంటివి చిన్న విషయాలు కావు.

స్థలం విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. దానపత్రం రిజిస్ట్రేషన్ అయిందా లేదా చూసుకోకుండా "ఈ స్థలం ఊరికి ఇచ్చారు" అని మైకులో చెప్పకూడదు. నోటిమాట దానం దాత ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. తర్వాత వారసులు వచ్చి మాది అంటే, చదివే పిల్లలు బయట నిలబడాల్సి వస్తుంది. పత్రం ఇంకా కాకపోతే "ఇవ్వడానికి ముందుకొచ్చారు" అనడమే నిజాయతీ.

పుస్తకాల లెక్కా అంతే. మాస్టారిచ్చిన నాలుగు వందల్లో పాత సిలబస్ గైడ్లు, గడువు దాటిన పోటీపరీక్షల పుస్తకాలు, చెదలు తిన్నవి ఎన్నో ఉండవచ్చు. అవి తీసేసి, మిగిలిన వాటిని ఒక్కొక్కటిగా చేరిక రిజిస్టరులో నంబరు వేసి ఎక్కిస్తే అసలు లెక్క తేలుతుంది. వక్త చెప్పాల్సింది ఆ అంకె, బస్తాలు చూసి వేసిన అంచనా కాదు. పిల్లల పుస్తకాలెన్ని అని విడిగా చెప్పడం ఇంకా మంచిది. పిల్లలు చదివేవి ఇరవై కూడా లేకుండా వాళ్లను పిలిస్తే రెండోసారి రారు.

సభలో ఎవరూ తలచుకోని దాతలు మరికొందరున్నారు. 1960 నాటి ప్రజాగ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది, రూపాయికి ఎనిమిది పైసలు. అంటే ఇంటి పన్ను కట్టే ప్రతి కుటుంబమూ జిల్లా గ్రంథాలయ సంస్థకు ఏదో కొంత ఇస్తున్నట్టే. వసూలైన సెస్సు స్థానిక సంస్థల దగ్గరే ఆగిపోతోందన్న ఫిర్యాదు పాతదే. కొత్త గ్రంథాలయం ఆ సంస్థ శాఖ అయితే వక్త ఇంటి పన్ను కట్టినవారికి కూడా నమస్కరించి, సెస్సు జమ చేయిస్తామని సర్పంచి చేత ఆ వేదిక మీదే మాట ఇప్పించాలి.

ఇక పిల్లలను పిలవడం. "చదవండి, పైకి రండి" అంటే పిల్లలకు ఏం అర్థమవుతుంది? వాళ్ల మనసులో ఉండే ప్రశ్నలు వేరు. ఎప్పుడు తీస్తారు? డబ్బులు కట్టాలా? ఇంటికి తీసుకెళ్లనిస్తారా? చిరిగితే కొడతారా? ప్రసంగం వీటికి సూటిగా జవాబివ్వాలి: "బడి వదిలాక నాలుగున్నర నుంచి ఏడు దాకా తెరిచి ఉంటుంది. పదిహేను రోజులకు రెండు పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లవచ్చు. చిరిగితే తిట్టం, తెచ్చి చూపించండి, అతికిద్దాం. చెల్లిని, తమ్ముణ్ని వెంట తెచ్చుకోండి." ఆడపిల్లలు చీకటి పడకముందే వెళ్లిపోవాలంటే వేళలు వాళ్లకు కూడా సరిపోతున్నాయో లేదో ముందే వాళ్ల తల్లులను అడగాలి.

పుస్తకాలు పాడైపోతాయని అద్దాల బీరువాకు తాళం వేసుకునే అలవాటు మన గ్రంథాలయాల్లో బలంగా ఉంది. పుస్తకాలు వాడకం కోసమే అని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో తన పంచసూత్రాల్లో మొదటిదిగా రాశారు. దానికీ తాళానికీ పొత్తు కుదరదు. తాళం ఎవరి దగ్గర ఉంటుందో, ఆయన ఊళ్లో లేని రోజు ఎవరు తీస్తారో కూడా ప్రసంగంలోనే చెప్పాలి. ఆ మాట చెప్పలేకపోతే గ్రంథాలయం ఇంకా సిద్ధం కానట్టే.

మొత్తం ఏడెనిమిది నిమిషాలు మించకుండా ఇవన్నీ ఇమడ్చవచ్చు, పెద్దలందరినీ ఒకే నమస్కారంలో కలుపుకుంటే. బుడుగు, చందమామ సంచికల వంటి నాలుగు పుస్తకాలు చేతికి తీసుకుని చూపించడం మాటలకన్నా వేగంగా పని చేస్తుంది. చివర్లో వక్త సభ్యత్వ ఫారాలు పట్టుకుని కిందికి దిగి, పిల్లల మధ్య కూర్చుని రాయించడం మొదలుపెట్టాలి. ఫలహారాలు ఆ తర్వాతే పెట్టాలి, లేకపోతే ఒక్క ఫారం కూడా నిండదు. మొదటి రోజు ఇచ్చిన పుస్తకాలు పదిహేనో రోజుకు ఎన్ని తిరిగి వచ్చాయో, వాటిని తెచ్చిన పిల్లలు కొత్తవి ఎన్ని తీసుకెళ్లారో ఇచ్చిపుచ్చుకునే రిజిస్టరులో చూస్తే ఆ ప్రసంగం ఎంతమందికి చేరిందో తెలుస్తుంది.