క్రియాటిన్ తాగేవారు నొప్పి మాత్ర వేసుకోవచ్చా?

క్రియాటిన్ పొడి ఇప్పుడు జిమ్ కుర్రాళ్లకే పరిమితం కాలేదు. నలభై దాటి, బీపీకి మాత్రలు వాడుతూ, కండ కరిగిపోకూడదని వ్యాయామం మొదలుపెట్టినవాళ్లు కూడా రోజూ ఒక స్కూపు నీళ్లలో కలుపుకొని తాగుతున్నారు. బరువులెత్తడం మొదలుపెట్టాక భుజమో మోకాలో నొప్పి పెట్టడం మామూలే. మెడికల్ షాపుకు వెళ్లి ఒళ్లు నొప్పులంటే చాలు, చీటీ అడగకుండానే స్ట్రిప్ చేతిలో పెడతారు. ఇలా పొడి, నొప్పి మాత్ర, బీపీ మాత్ర ఒకే ఒంట్లో చేరుతున్నాయి. ఈ మూడూ కలిస్తే ప్రమాదమా?

క్రియాటిన్‌కీ నొప్పి మాత్రకీ నేరుగా పడదని రుజువు చేసిన పరిశోధనలేవీ లేవు. అసలు ప్రమాదం నొప్పి మాత్రకూ బీపీ మాత్రకూ మధ్య ఉంది. ఆ ప్రమాదాన్ని పట్టిచ్చే రక్తపరీక్షను క్రియాటిన్ తారుమారు చేస్తుంది. ఈ రెండు విషయాలనూ విడివిడిగా అర్థం చేసుకోవాలి.

పొడి చేసే పని

క్రియాటిన్ మన ఒంటికి కొత్తది కాదు. కాలేయం, కిడ్నీలు కలిసి రోజుకు సుమారు ఒక గ్రాము తయారుచేస్తాయి. మాంసం, చేపలు తినేవారికి ఆహారం నుంచి మరికొంత అందుతుంది. అందులో 95 శాతం కండరాల్లోనే ఉండి, బరువెత్తేటప్పుడూ పరుగెత్తేటప్పుడూ అప్పటికప్పుడు కావలసిన శక్తిని అందిస్తుంది. కండరాల్లోని ఈ నిల్వలో రోజుకు దాదాపు రెండు శాతం క్రియాటినిన్ అనే వ్యర్థంగా మారి రక్తంలో కలుస్తుంది. దాన్ని కిడ్నీలు వడగట్టి మూత్రంలో పంపేస్తాయి.

రక్తంలో క్రియాటినిన్ పెరిగిందంటే కిడ్నీలు సరిగా వడగట్టడం లేదని వైద్యులు అనుమానిస్తారు. ల్యాబ్ రిపోర్టులో కనిపించే ఈజీఎఫ్ఆర్ అనే అంకె కూడా సాధారణంగా ఆ క్రియాటినిన్‌కు వయసు, ఆడ-మగ తేడా జోడించి లెక్కకట్టినదే. రోజూ 3 నుంచి 5 గ్రాముల క్రియాటిన్ తాగేవారిలో కిడ్నీలు బాగా పనిచేస్తున్నా క్రియాటినిన్ కాస్త పెరగవచ్చు. అక్కడ పెరిగింది వ్యర్థం తయారీయే కానీ వడపోత తగ్గలేదు.

2010లో ప్రచురితమైన ఒక కేసులో ఈ తేడా స్పష్టంగా కనిపించింది. ఒకే కిడ్నీ ఉన్న ఇరవై ఏళ్ల యువకుడికి క్రియాటిన్‌ను మొదటి అయిదు రోజులు రోజుకు 20 గ్రాములు, ఆ తరవాత నెల రోజులు 5 గ్రాముల చొప్పున ఇచ్చారు. అతని క్రియాటినిన్ 1.03 నుంచి 1.27కి పెరిగింది. ఆ ఒక్క అంకె చూస్తే కిడ్నీ దెబ్బతిందనే అనుకోవాలి. కానీ రేడియోధార్మిక పదార్థంతో వడపోతను నేరుగా కొలిస్తే ముందు ఎంత ఉందో తరవాతా అంతే ఉంది. ఒక్క మనిషి మీద కొద్దికాలం జరిగిన పరీక్ష ఇది. కిడ్నీ జబ్బు ఉన్నవారంతా ధైర్యంగా తాగవచ్చని దీని అర్థం కాదు. అంకె పెరిగిన ప్రతిసారీ కిడ్నీ దెబ్బతిన్నట్టు కాదని మాత్రం ఇది చూపిస్తుంది.

మాత్రలు చేసే పని

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, న్యాప్రోక్సెన్ వంటివి వాపునూ నొప్పినీ తగ్గించే మాత్రలు. ఒంట్లో వాపు పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లను తయారుకాకుండా అడ్డుకుంటాయి కాబట్టే నొప్పి తగ్గుతుంది. అయితే అవే ప్రోస్టాగ్లాండిన్లకు కిడ్నీలో ఇంకో పని ఉంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ వడపోత గదిలోకి రక్తం తెచ్చే సన్నని నాళాన్ని తెరిచి ఉంచేవి అవే. మాత్ర వేసుకుంటే ఆ నాళం ముడుచుకుంటుంది. ఒంట్లో నీరు సరిపడా ఉన్న ఆరోగ్యవంతుడికి దీనివల్ల పెద్దగా తెలిసేదేమీ ఉండదు.

బీపీ మాత్రలు వాడేవారి సంగతి వేరు. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఫ్యూరోసెమైడ్, టార్సెమైడ్ వంటివి ఒంట్లోని ఉప్పునూ నీటినీ మూత్రంలోకి పంపుతాయి. దాంతో కిడ్నీకి చేరే రక్తం కొంత తగ్గుతుంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటివి వడపోత గది నుంచి రక్తం బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తాయి. లోపలికొచ్చే దారి ముడుచుకుని, బయటికి పోయే దారి వదులై, పారాల్సిన రక్తమే తగ్గితే వడపోతకు కావలసిన ఒత్తిడి మిగలదు.

ఈ మూడు రకాల మందులు కలిసినప్పుడు కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినే ముప్పు పెరుగుతుందని బ్రిటన్‌లో దాదాపు 4 లక్షల 87 వేల మంది బీపీ రోగుల వివరాలతో చేసిన పరిశోధనలో తేలింది. 2013లో ప్రచురితమైన ఆ పరిశోధన ప్రకారం నొప్పి మాత్ర కూడా తోడైనవారిలో ముప్పు 31 శాతం ఎక్కువ. మొదటి నెల రోజుల్లో అది 82 శాతం దాకా ఉంది. మన దగ్గర టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ రెండూ ఒకే మాత్రలో కలిసి వస్తాయి. రోజుకు ఒకే మాత్ర వేసుకుంటున్నామనుకునేవారు తెలియకుండానే రెండు మందులు వాడుతున్నారన్నమాట. దానికి నొప్పి మాత్ర తోడైతే మూడూ పూర్తవుతాయి.

ఒకేలా కనిపించే రెండు అంకెలు

ఒక ఉదాహరణ వేసుకుందాం. నలభై అయిదేళ్ల మగమనిషి. బీపీకి పైన చెప్పిన రెండు మందులు కలిసిన మాత్ర వాడుతున్నాడు. క్రియాటినిన్ 1.0, ఈజీఎఫ్ఆర్ సుమారు 95. జిమ్‌లో చేరి రోజుకు 5 గ్రాముల క్రియాటిన్ మొదలుపెట్టాడు. మూడు నెలల తరవాత పరీక్షలో క్రియాటినిన్ 1.2కి పెరిగింది. లెక్క ప్రకారం ఈజీఎఫ్ఆర్ 76కు పడింది. పొడి తాగుతున్నాడని తెలిసిన వైద్యుడు మూత్రంలో అల్బుమిన్ చూపించి, అది మామూలుగా ఉండటంతో ఇది పొడి ప్రభావమే కావచ్చని చెప్పాడు.

మే నెల వచ్చింది. భుజం నొప్పికి ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర పూటకొకటి చొప్పున వారం రోజులు వేసుకున్నాడు. మధ్యలో రెండు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి. బీపీ మాత్ర, నొప్పి మాత్ర ఏదీ ఆపలేదు. నీరసంగా ఉందని పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.9, ఈజీఎఫ్ఆర్ సుమారు 44. ఇక్కడే మనిషి పొరపాటుపడతాడు. కిందటిసారి కూడా పొడి వల్లే పెరిగిందన్నారు కదా, ఇదీ అంతేనని రిపోర్టు మడిచి పక్కన పెట్టి, నొప్పి మాత్ర మింగుతూనే ఉంటాడు. మొదటి అంకె విషయంలో భయపడాల్సింది లేదు. రెండో అంకె విషయంలో ఒక్క రోజు కూడా ఆగకూడదు.

తేడా తెలుసుకునే దారులున్నాయి. పొడి వల్ల వచ్చే పెరుగుదల చిన్నగా ఉండి ఒకచోట నిలిచిపోతుంది. నిజమైన దెబ్బ తగిలితే అంకె రోజుల్లోనే ఎగబాకుతుంది. 48 గంటల్లో 0.3 పెరిగినా, వారంలో ఒకటిన్నర రెట్లయినా వైద్యులు దాన్ని కిడ్నీకి హఠాత్తుగా తగిలిన దెబ్బగా లెక్కిస్తారు. మూత్రం తగ్గడం, కాళ్ల వాపు, వాంతులు, ఆయాసం, రక్తంలో పొటాషియం పెరగడం వంటివి క్రియాటిన్ వల్ల వచ్చేవి కావు. అనుమానం తీరకపోతే సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష ఉంది. అది క్రియాటిన్ మీద ఆధారపడదు. థైరాయిడ్ సమస్య ఉన్నవారిలో, స్టెరాయిడ్లు వాడేవారిలో మాత్రం అదీ కొంత అటూ ఇటూ అవుతుంది.

బరువు కూడా తప్పుదారి పట్టిస్తుంది

గుండె బలహీనమై ఫ్యూరోసెమైడ్ లేదా టార్సెమైడ్ వాడేవారు రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలని వైద్యులు చెబుతారు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని గుర్తు. క్రియాటిన్ కండరాల్లోకి నీటిని లాగుతుంది. మొదటి వారం రోజుకు 20 గ్రాముల చొప్పున తాగినవారు ఒకటి రెండు కిలోలు పెరగడం మామూలే. అలాంటప్పుడు పెరిగింది పొడి వల్లా, గుండె జబ్బు ముదిరా అన్నది బరువు చూసి చెప్పడం కష్టం. గుండె జబ్బుకు, కాళ్ల వాపుకు ఈ మాత్రలు వాడేవారు కార్డియాలజిస్టును అడగకుండా క్రియాటిన్ మొదలుపెట్టకూడదు.

ఏం చేయాలి

పొడి మొదలుపెట్టే ముందే ఒకసారి క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయించుకుంటే తరవాత పోల్చడానికి ఆధారం ఉంటుంది. ఏ రక్తపరీక్షకు వెళ్లినా, ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా క్రియాటిన్ తాగుతున్నామని, ఎంత తాగుతున్నామో చెప్పాలి. పొడి మందు కాదు కదా అని చాలామంది చెప్పరు. అది తెలియకపోతే వైద్యుడు పెరిగిన అంకెను చూసి, ఈజీఎఫ్ఆర్‌ను బట్టి మోతాదు నిర్ణయించే మెట్‌ఫార్మిన్ వంటి మందును అనవసరంగా తగ్గించవచ్చు.

బీపీ మాత్రలు వాడేవారు మామూలు ఒళ్లు నొప్పులకు ఉత్త పారాసిటమాల్ వేసుకోవడం మేలు. అయితే స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదవాలి. పారాసిటమాల్‌తో ఎసిక్లోఫెనాక్‌నో డైక్లోఫెనాక్‌నో కలిపిన మాత్రలు మన షాపుల్లో చాలా ఉన్నాయి. ఒకచోటే నొప్పి ఉంటే పైన రాసే జెల్ వాడవచ్చు, దాన్నుంచి రక్తంలోకి చేరే మందు చాలా తక్కువ. వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజున నొప్పి మాత్ర ముట్టుకోకూడదు. ఆ రోజుల్లో బీపీ మాత్ర ఆపాలా వద్దా అన్నది సొంతంగా తేల్చుకోకుండా, వైద్యుణ్ని ముందుగానే అడిగి రాసిపెట్టుకోవాలి.

కిడ్నీ జబ్బు ఇప్పటికే ఉన్నవారు నెఫ్రాలజిస్టు ఒప్పుకోనిదే ఈ పొడి జోలికి వెళ్లవద్దు. మిగతావారు క్రియాటిన్ తాగడం మానకపోయినా పరవాలేదు. కానీ క్రియాటినిన్ పెరిగిన ప్రతిసారీ నింద పొడి మీదకు నెట్టకండి. ముందు నొప్పి మాత్ర ఆపి, రిపోర్టుతో పాటు వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ పట్టుకుని వైద్యుడి దగ్గరికి వెళ్లండి.