జబ్బు చేసిందని ఉద్యోగం పోవాలా? బ్రిటన్‌లో ఉంటే తెలుసుకోవాల్సిన హక్కు

రెడింగ్‌లో ఉండే నా స్నేహితురాలికి నిరుడు చలికాలంలో పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోవడం మొదలైంది. పోపుల డబ్బా మూత తీయడానికి కూడా భర్తను పిలవాల్సి వచ్చేది. పేరు మార్చి ఆమెను మాధవి అంటాను. జీపీ దగ్గరకు వెళ్తే రక్తపరీక్షలు చేయించి ఆసుపత్రికి పంపారు. అక్కడ కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, అని తేల్చారు. వారానికి ఒక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్రలు రాసిచ్చారు.

మాధవి ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టర్. ఉన్నది స్కిల్డ్ వర్కర్ వీసా మీద, భర్త ఆమెకు డిపెండెంట్. ఉద్యోగం పోతే ఇల్లూ, పిల్లవాడి బడీ అన్నీ కదిలిపోతాయి. అందుకే ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. నొప్పి మరీ ఎక్కువైన రోజుల్లో "జలుబు", "కడుపునొప్పి" అని సెలవు పెట్టేది. అలా ఏడాదిలో ఐదుసార్లు అయ్యాక హెచ్‌ఆర్ నుంచి ఉత్తరం వచ్చింది. సెలవులు పరిమితి దాటాయి కాబట్టి మీటింగ్‌కు రమ్మని, వార్నింగ్ కూడా ఇవ్వవచ్చని అందులో ఉంది.

ఆ రాత్రి నాకు ఫోన్ చేసింది. చట్టంలో డిజెబిలిటీ కింద రక్షణ ఉంటుందేమో చూడమన్నాను. "అంటే నేను వికలాంగురాలినా అక్కా?" అని ఏడ్చేసింది. మనలో చాలామంది ఆగిపోయేది ఆ మాట దగ్గరే. మనం వాడే మాటకూ, ఇక్కడి చట్టంలోని మాటకూ అర్థం ఒకటి కాదు.

ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో వర్తించే ఈక్వాలిటీ యాక్ట్ 2010 జబ్బు పేరు అడగదు, సర్టిఫికెట్ కార్డూ అడగదు. శారీరకమైనా మానసికమైనా ఆ సమస్య రోజువారీ పనులను చెప్పుకోదగ్గంతగా అడ్డుకుంటోందా, అది పన్నెండు నెలలుగా ఉందా లేక అంతకాలం ఉండేలా ఉందా అని మాత్రమే చూస్తుంది. మందులతో అదుపులో ఉన్నా సరే, మందులు లేకపోతే ఎలా ఉండేదో దాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. క్యాన్సర్, హెచ్‌ఐవీ, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవారికైతే జబ్బు నిర్ధారణ అయిన రోజునుంచే రక్షణ వస్తుంది. మాధవిది ఏళ్లతరబడి ఉండే జబ్బు. మూత తీయలేకపోవడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం రోజువారీ పనులే. కాబట్టి ఆమెకూ ఈ చట్టం వర్తిస్తుంది.

వర్తించాక యజమాని మీద ఒక బాధ్యత పడుతుంది. దాన్నే రీజనబుల్ అడ్జస్ట్‌మెంట్స్ అంటారు. ఆఫీసు నియమం వల్లో, భవనం వల్లో, తగిన పరికరం లేకపోవడం వల్లో ఉద్యోగికి ఇతరులకన్నా ఎక్కువ ఇబ్బంది కలుగుతుంటే, దాన్ని తగ్గించడానికి తగిన మార్పు చేయాలి. ఖర్చు యజమానిదే. అయితే జబ్బు సంగతి వారికి తెలియకపోతే, తెలుసుకోవడానికి దారీ లేకపోతే, ఈ బాధ్యత ఉండదు. మాధవి "జలుబు" అని చెప్పిన ప్రతిసారీ తన రక్షణను తానే దూరం చేసుకుంది.

మీటింగ్‌కు ముందే ఆమె చేత ఈమెయిల్ రాయించాను. నోటిమాటగా చెబితే ఎప్పుడు చెప్పారో తర్వాత రుజువు ఉండదు. జబ్బు ఏమిటి, అది పనిని ఎలా అడ్డుకుంటోంది, ఏ మార్పు కావాలి అన్నవి ఒకదాని తర్వాత ఒకటి రాసింది. పొద్దున్న గంటన్నర సేపు వేళ్లు కదలవు కాబట్టి తొమ్మిదికి బదులు పదిన్నరకు మొదలుపెట్టి సాయంత్రం ఆ మేరకు ఉంటానంది. టైపింగ్ తగ్గడానికి మాటలను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ అడిగింది. కీళ్లవాతం వల్ల పెట్టిన సెలవులను విడిగా లెక్కించమని, ఆక్యుపేషనల్ హెల్త్ డాక్టరు దగ్గరకు పంపమని కోరింది. ఇంతకుముందు సెలవులకు వేరే కారణాలు ఎందుకు చెప్పిందో కూడా దాచకుండా రాసి, ఆసుపత్రి ఉత్తరం జతచేసింది.

మొదటి రెండూ వెంటనే ఒప్పుకున్నారు. సెలవుల దగ్గర మాత్రం బేరం నడిచింది. జబ్బు వల్ల వచ్చిన సెలవులకు శిక్షిస్తే అది వివక్ష కావచ్చు. కానీ సెలవులన్నీ శాశ్వతంగా వదిలేయాలని చట్టం అనదు. తగిన కారణం ఉందని, తీసుకున్న చర్య దానికి తగినంతే ఉందని యజమాని చూపగలిగితే అది నిలబడుతుంది. చివరికి ఆమెకు పరిమితిని కొన్ని రోజులు పెంచి, వార్నింగ్ ఇవ్వకుండా వదిలేశారు.

ఆ తర్వాత జబ్బు తిరగబెట్టి ఆరు వారాలు మంచానపడింది. అప్పుడు వీసా భయం పట్టుకుంది. ఏడాదిలో నాలుగు వారాలకు మించి జీతం లేని సెలవులో ఉంటే స్పాన్సర్‌షిప్ ఆపేయాలన్న నియమం ఉన్నమాట నిజమే. కానీ అనారోగ్యపు సెలవుకు అందులో మినహాయింపు ఉంది. తిరిగి వచ్చేటప్పుడు జీపీ ఇచ్చే ఫిట్ నోట్‌లో "పని చేయగలరేమో" అన్న గడి టిక్ చేసి, కింద కొద్దికొద్దిగా గంటలు పెంచే పద్ధతిని సూచించారు. గంటలు తగ్గితే జీతం తగ్గుతుంది. తగ్గించిన గంటలకు పూర్తి జీతం ఇవ్వాలని చట్టం సాధారణంగా చెప్పదు. ఆరోగ్యం కోసం తాత్కాలికంగా గంటలు తగ్గిస్తే, ఆక్యుపేషనల్ హెల్త్ రిపోర్టు దాన్ని బలపరిస్తే, గంటకు ఇచ్చే రేటు వీసా పరిమితికన్నా పడిపోకుంటే, వీసా నియమాలు దాన్ని అనుమతిస్తాయి. మార్పును హోమ్ ఆఫీసుకు తెలపాల్సింది స్పాన్సర్. గంటలు తగ్గించకముందే హెచ్‌ఆర్‌తో ఈ సంగతి రాతపూర్వకంగా తేల్చుకోండి.

ఉన్న పనే ఇక చేయలేకపోతే? స్కాట్లండ్‌లో ఫైఫ్ కౌన్సిల్‌లో వీధులు ఊడ్చే ఉద్యోగిని సుసాన్ ఆర్చిబాల్డ్‌కు ఒక శస్త్రచికిత్స తర్వాత నడవడమే కష్టమైంది. అదే కౌన్సిల్‌లో కూర్చుని చేసే పనులకు వందకు పైగా దరఖాస్తులు పెట్టుకుంది. ప్రతిసారీ ఇంటర్వ్యూలో ఇతరులతో పోటీపడాల్సి వచ్చింది. చివరికి ఉద్యోగం పోయింది. పోటీ ఇంటర్వ్యూ లేకుండానే వేరే పనికి మార్చడం కూడా తగిన మార్పు కావచ్చని 2004లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. అయితే ఆ ఖాళీ ఉండాలి, ఆ పని మీరు చేయగలగాలి. లేని ఉద్యోగాన్ని మీకోసం సృష్టించమని సాధారణంగా అడగలేరు.

సంస్థ వినకపోతే ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్ ఉంది. వివక్ష ఫిర్యాదుకు అక్కడ ఇన్నేళ్ల సర్వీసు ఉండాలన్న నియమం లేదు, చేరిన మొదటి వారంలోనైనా వర్తిస్తుంది. గడువే చిన్నది. జరిగిన రోజునుంచి మూడు నెలలకు ఒక రోజు తక్కువ అనుకుని, ఆలోపే ఏకాస్ అనే సంస్థకు తెలియజేయాలి. ఆఫీసులో ఇచ్చిన ఫిర్యాదు మీద విచారణ జరుగుతున్నా గడియారం ఆగదు. "హెచ్‌ఆర్ జవాబు వచ్చాక చూద్దాం" అనుకుని దాన్ని పోగొట్టుకున్నవాళ్లున్నారు.

మాధవి ఇప్పుడు పదిన్నరకే లాగిన్ అవుతోంది. మెథోట్రెక్సేట్ శుక్రవారం రాత్రి వేసుకుంటుంది, మరునాటి నీరసం శనివారంతో పోతుందని. మొన్న ఫోన్‌లో, "మొదటి సెలవు రోజునే నిజం చెప్పి ఉంటే ఆ ఉత్తరమే వచ్చేది కాదేమో అక్కా" అంది. కాదనలేకపోయాను.