కరెంటు పోతే ఫ్యాను ఎందుకు మూలుగుతుంది?

వేసవి రాత్రి కరెంటు పోతుంది. మరుక్షణమే ఇన్వర్టర్ అందుకుంటుంది, ఫ్యాను ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. అయితే అంతవరకూ నిశ్శబ్దంగా తిరిగిన ఫ్యాను ఇప్పుడు సన్నగా మూలగడం మొదలుపెడుతుంది. స్క్వేర్ వేవ్ రకం చవక ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఈ చప్పుడు అందరికీ పరిచయమే. వోల్టేజీ అదే 230, సెకనుకు 50 ఆవృత్తులూ అవే. మరి తేడా ఎక్కడుంది? ఇంజినీరింగ్‌లో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పరీక్ష రాసే విద్యార్థికి ఫోరియర్ శ్రేణి మీద వచ్చే ప్రశ్నలో ఉన్నదీ ఈ తేడాయే.

కరెంటు స్తంభం నుంచి వచ్చే వోల్టేజీ నున్నగా లేచి, నున్నగా దిగే సైన్ తరంగం. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఇచ్చేది అలాంటిది కాదు. 10 మిల్లీసెకన్ల పాటు +230 వోల్టుల దగ్గర నిలబడుతుంది, తర్వాతి 10 మిల్లీసెకన్లు -230 దగ్గర. మధ్యలో మెట్లుండవు, ఒక్క దూకుడే.

ఇలా నిటారుగా దూకే ఆకారాన్ని కూడా నున్నటి సైన్ తరంగాలను కలిపి కట్టవచ్చని ఫ్రాన్స్‌కు చెందిన జోసెఫ్ ఫోరియర్ 1807లో చెప్పాడు. లోహంలో వేడి ఎలా పాకుతుందన్న లెక్క చేస్తూ ఆయన అక్కడికి చేరుకున్నాడు. ఆ కాలపు మహా గణితవేత్త లగ్రాంజ్ ఒప్పుకోలేదు. వేడి సిద్ధాంతం మీద ఫోరియర్ రాసిన పుస్తకం 1822లో గాని అచ్చు కాలేదు.

ఏ సైన్ తరంగం ఎంత మోతాదులో కలపాలన్నదే అసలు ప్రశ్న. పుస్తకాల్లో దీనికి ఇంటిగ్రల్ ఇస్తారు. ఆ ఇంటిగ్రల్ చేసే పని చాలా సాదాగా ఉంటుంది. పరీక్షించదలచిన సైన్ తరంగాన్ని మన సిగ్నల్‌తో గుణించి, ఎంత మిగులుతుందో చూస్తుంది. మన స్క్వేర్ వేవ్‌కే ఆ పని చేసి చూద్దాం. రెండో అర్ధభాగం మొదటిదానికి తలకిందుల రూపమే కాబట్టి బేసి హార్మోనిక్‌లకు మొదటి 10 మిల్లీసెకన్లు చూస్తే చాలు.

50 హెర్ట్జ్ సైన్ తరంగానికి ఆ 10 మిల్లీసెకన్లలో సరిగ్గా ఒక గుట్ట ఇమిడిపోతుంది. అంతా ధనాత్మకమే, అంతా మిగులుతుంది. 100 హెర్ట్జ్‌కైతే ఒక గుట్ట, ఒక గుంట. రెండూ కొట్టుకుపోయి శేషం సున్నా. 150 హెర్ట్జ్‌కు గుట్ట, గుంట, మళ్లీ గుట్ట పడతాయి. మొదటి రెండూ చెల్లిపోగా మూడింట ఒక్కటి మిగులుతుంది. 250 హెర్ట్జ్‌లో అయిదింట నాలుగు చెల్లిపోయి ఒక్కటి నిలుస్తుంది. విద్యార్థులు బట్టీ పట్టే 1, 1/3, 1/5 అనే వరుస ఇక్కడి నుంచే పుట్టింది. సరి సంఖ్యల హార్మోనిక్‌లు ఎందుకు రావో కూడా ఇందులోనే తేలిపోయింది. V అంటే ఇక్కడ 230:

```
v(t) = (4V/π) [ sin ωt + (1/3) sin 3ωt + (1/5) sin 5ωt + … ]
```

అంకెలు వేస్తే 50 హెర్ట్జ్ దగ్గర గరిష్ఠ విలువ 293 వోల్టులు, 150 దగ్గర 98, 250 దగ్గర 59. అడ్డగీత మీద పౌనఃపున్యాలు గుర్తించి, ఒక్కోదాని దగ్గర దాని ఎత్తుకు తగిన నిలువు గీత గీస్తే అదే స్పెక్ట్రం. మొదటి గీత 230 కంటే ఎత్తుగా ఉండటం చూసి చాలామంది తప్పు చేశామేమోనని లెక్క కొట్టేస్తారు. తప్పు కాదు. ఆ గుట్ట శిఖరాన్ని మూడో హార్మోనిక్ కిందికి నొక్కుతుంది. అన్నీ కలిశాకే పైభాగం చదునవుతుంది.

ఇప్పుడు ఫ్యాను దగ్గరికి వద్దాం. స్క్వేర్ వేవ్‌లోని ఆర్‌ఎంఎస్ 230 వోల్టుల్లో మూల పౌనఃపున్యానిది 207. మిగిలిన హార్మోనిక్‌లన్నీ కలిపి సుమారు 100 వోల్టులు. ఆర్‌ఎంఎస్ విలువలను మామూలుగా కూడరాదు, వర్గాలు చేసి కూడాలి. 207 వర్గానికి 100 వర్గం కలిపితే 230 వర్గం వస్తుంది. పార్సెవాల్ సిద్ధాంతం చెప్పేది ఇదే. శక్తిలో 81 శాతం మొదటి గీతది, 9 శాతం మూడోదానిది. పాతకాలపు ఫిలమెంటు బల్బుకు ఈ పంపకంతో పని లేదు, ఏ పౌనఃపున్యమైనా దానికి వేడే. మోటారుకు అలా కాదు. మామూలు కరెంటు మీద ఇనుప కోర్ ప్రధానంగా 100 హెర్ట్జ్‌లో కంపిస్తుంది, ఆ లోతు స్వరం మన చెవికి అంతగా ఆనదు. హార్మోనిక్‌లు చేరితే 200, 300 హెర్ట్జ్‌లలోనూ, ఇంకా పైనా కంపనాలు పుడతాయి. చెవి వాటిని బాగా పట్టుకుంటుంది.

మరి 150 హెర్ట్జ్‌ను తీసేయడమెలా? ఫిల్టర్ పెట్టకుండానే ఒక ఉపాయం ఉంది. ప్రతి అర్ధభాగంలో వోల్టేజీని 10 మిల్లీసెకన్లకు బదులు నడిమి 6.67 మిల్లీసెకన్లు మాత్రమే ఉంచి, మిగతా సమయం సున్నా దగ్గర ఆపాలి. 6.67 మిల్లీసెకన్లంటే 150 హెర్ట్జ్ తరంగానికి ఒక పూర్తి ఆవృత్తి. దాని ఎత్తుపల్లాలు చెల్లిపోయి మూడో గీత స్పెక్ట్రం నుంచి మాయమవుతుంది. దానితోపాటే 9, 15వ గీతలూ పోతాయి. ఆర్‌ఎంఎస్ 230 నిలవాలంటే శిఖరాన్ని 282 వోల్టులకు పెంచాలి. అప్పుడు హార్మోనిక్‌ల మొత్తం 100 నుంచి 68 వోల్టులకు దిగుతుంది. అయిదో గీత మిగిలే ఉంటుంది కాబట్టి మూలుగు తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. బజారులో మాడిఫైడ్ సైన్ వేవ్ పేరుతో అమ్మేవి ఈ మెట్ల ఆకారాన్ని ఇచ్చేవే.

పరీక్షలో పొరబడే చోట్లు ముఖ్యంగా రెండు. ఎత్తుల స్పెక్ట్రం ఒక్కటే చూసి తరంగ ఆకారం చెప్పేయడం మొదటిది. మన స్క్వేర్ వేవ్‌లో మూడో హార్మోనిక్ గుర్తును తిప్పేస్తే గీతల ఎత్తులు అణువంతైనా మారవు, కాని చదునుగా ఉండాల్సిన పైభాగం మొనదేలుతుంది. అందుకే ఫేజ్ స్పెక్ట్రం కూడా గీయమంటారు. రెండోది ఘాతీయ రూపంలో రాసినప్పుడు వచ్చేది. అక్కడ 293 వోల్టుల గీత రెండుగా చీలి +50 దగ్గర 146, -50 దగ్గర 146 అవుతుంది. సున్నా దగ్గరి గీత, అంటే సగటు విలువ, మాత్రం చీలదు. దాన్నీ సగం చేసి మార్కులు పోగొట్టుకునేవారు ఎందరో.

ఇంకో సంగతీ గుర్తుంచుకోవాలి. ఎన్ని హార్మోనిక్‌లు కలిపినా, దూకుడు పక్కన ఒక చిన్న కొమ్ము మిగిలిపోతుంది. దాని ఎత్తు దూకుడులో సుమారు 9 శాతం. మన 460 వోల్టుల దూకుడుకు 41 వోల్టులు. పదాలు పెంచితే కొమ్ము సన్నబడుతుంది గాని కురచ కాదు. విల్బ్రహామ్ 1848లోనే దీన్ని గమనించాడు. 1899లో దీన్ని వివరించిన గిబ్స్ పేరే దానికి స్థిరపడింది.

స్పెక్ట్రం రోగనిర్ధారణకూ పనికొస్తుంది. ఇన్వర్టర్‌లో ఒక స్విచ్ ఆలస్యంగా ఆగి, ధన భాగం 10.5, రుణ భాగం 9.5 మిల్లీసెకన్లు అయిందనుకుందాం. ఆసిలోస్కోప్ తెర మీద ఆ అర మిల్లీసెకను తేడా కంటికి ఆనకపోవచ్చు. స్పెక్ట్రంలో మాత్రం అంతవరకూ ఖాళీగా ఉన్న 100 హెర్ట్జ్ దగ్గర 23 వోల్టుల గీత లేస్తుంది, సున్నా దగ్గర 11.5 వోల్టులు కనిపిస్తాయి. ఆ డీసీ ట్రాన్స్‌ఫార్మర్‌ను దాటి బయటికి రాలేదు. లోపలే ఉండి కోర్‌ను ఒక పక్కకు నెట్టి, కరెంటు ఎక్కువగా లాగించి, చుట్టలను వేడెక్కిస్తుంది.