స్విచ్ తిప్పే క్షణాన్నీ పరీక్షించాలి

2012 ఆగస్టు 1న ఉదయం 9:30కి అమెరికా స్టాక్ మార్కెట్లు తెరుచుకున్నాయి. మదుపరుల ఆర్డర్లను ఎక్స్ఛేంజీలకు చేరవేసే నైట్ కేపిటల్ అనే సంస్థకు 212 చిన్న ఆర్డర్లు వచ్చాయి. వాటిని నెరవేర్చబోయి ఆ సంస్థ వ్యవస్థ 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిపేసింది. సంస్థకు వచ్చిన నష్టం 46 కోట్ల డాలర్లకు పైమాటే. ఎవరూ హ్యాక్ చేయలేదు, యంత్రమేదీ చెడిపోలేదు. ఒక ఫ్లాగ్ ఆన్ అయింది, అంతే.

ఫీచర్ ఫ్లాగ్ అంటే ప్రోగ్రాములో ఉండే ఒక స్విచ్. పాత పద్ధతి, కొత్త పద్ధతి రెండూ ప్రోగ్రాములోనే ఉంటాయి. ఏది నడవాలో ఫ్లాగ్ చెబుతుంది. ప్రోగ్రామును మళ్లీ పంపిణీ చేయకుండానే కొత్త సదుపాయాన్ని ఇవ్వవచ్చు, తేడా వస్తే తీసేయవచ్చు. మీ ఫోనులో కనిపించిన కొత్త బటన్ పక్కవారి ఫోనులో ఇంకా కనిపించకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

నైట్ కేపిటల్ తన ఆర్డర్ల ప్రోగ్రాములో కొత్త సదుపాయం చేర్చినప్పుడు దానికి కొత్త ఫ్లాగ్ పెట్టలేదు. ‘పవర్ పెగ్’ అనే పాత పద్ధతికి వాడిన ఫ్లాగునే మళ్లీ వాడుకుంది. 2003లోనే వాడకం ఆపేసినా పవర్ పెగ్ కోడును ఎవరూ తీసేయలేదు. పైగా, అడిగినన్ని షేర్లు కొన్నాక ఆగమని చెప్పే లెక్కను 2005లో మరోచోటికి మార్చారు. ఆ తర్వాత పవర్ పెగ్ సరిగా నడుస్తుందో లేదో పరీక్షించలేదు. ఈసారి కొత్త కోడును 8 సర్వర్లలో పెట్టాల్సి ఉండగా ఒకదానిలో పెట్టడం మరిచారు. మార్కెట్ తెరవగానే ఫ్లాగ్ ఆన్‌లో ఉన్న ఆర్డర్లు వచ్చాయి. ఏడు సర్వర్లు దాన్ని కొత్త పద్ధతిగా అర్థం చేసుకున్నాయి. ఎనిమిదోది పవర్ పెగ్‌ను నిద్రలేపింది. ఎక్కడ ఆగాలో దానికి తెలియదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ తర్వాత జరిగింది. తప్పు కొత్త కోడులో ఉందనుకుని, సరిగా నడుస్తున్న ఏడు సర్వర్ల నుంచి దాన్ని తీసేశారు. ఫ్లాగ్ మాత్రం ఆన్‌లోనే ఉండిపోయింది. దాంతో ఆ ఏడింటిలోనూ పవర్ పెగ్ మొదలై పరిస్థితి ఇంకా విషమించింది. కోడును వెనక్కి తీసుకోవడం వేరు, ఫ్లాగును ఆఫ్ చేయడం వేరు. ‘కొత్త కోడు, ఫ్లాగ్ ఆఫ్’, ‘పాత కోడు, ఫ్లాగ్ ఆన్’ అన్న కలయికలను కూడా ముందుగానే నడిపి చూడాలి. ఫ్లాగ్ ఆన్ చేసి కొత్త సదుపాయం పనిచేసిందని సంతోషపడితే సగం పనే అయినట్టు. ఆఫ్‌లో ఉన్నప్పుడు నిన్నటి ప్రవర్తనే అచ్చంగా ఉందా అన్నది మిగతా సగం. ఆపద వస్తే మనం పరుగెత్తేది ఆ స్థితికే కదా.

ఇక అన్నిటికంటే తక్కువగా పరీక్షించేది మనిషి పని మధ్యలో ఉండగా ఫ్లాగ్ మారడం. ఒక కిరాణా యాప్ ఉందనుకుందాం. బుట్టలో 480 రూపాయల సరుకు ఉంది. పాత పద్ధతిలో డెలివరీకి 40 కలిపి మొత్తం 520. కొత్త పద్ధతిలో డెలివరీ ఉచితం, ప్యాకింగుకు 15 కలిపి మొత్తం 495. ఫ్లాగ్ ఆఫ్‌లో ఉండగా కొనేవారికి తెర మీద 520 కనిపించింది. వారు యూపీఐ యాపులోకి వెళ్లి పిన్ కొడుతుండగా ఆఫీసులో ఎవరో ఫ్లాగ్ ఆన్ చేశారు. డబ్బు కట్టి తిరిగొచ్చేసరికి సర్వర్ మొత్తాన్ని మళ్లీ లెక్కవేసి 495 అంది. వచ్చింది 520, రావాల్సింది 495. రెండూ కలవలేదని ఆర్డర్ పెండింగులో పడింది. ఖాతాలో డబ్బు పోయింది, సరుకు రాలేదు. అటు నుంచి ఇటు మారినా ఇదే చిక్కు: 495 కట్టినవారిని సర్వర్ 520 అడుగుతుంది.

ఆన్‌లో విడిగా, ఆఫ్‌లో విడిగా ఎన్నిసార్లు పరీక్షించినా ఈ తప్పు దొరకదు. ఆఫ్‌లో మొదలుపెట్టి, చెల్లింపు తెర దగ్గర ఆగి, ఫ్లాగ్ ఆన్ చేసి, ఆర్డర్ ముగించాలి. తర్వాత ఆన్‌లో మొదలుపెట్టి మధ్యలో ఆఫ్ చేసి చూడాలి. అక్కడితో ఆగకూడదు. ఆన్‌లో ఉండగా పూర్తయిన ఆర్డరును, ఫ్లాగ్ ఆఫ్ చేసిన మర్నాడు రద్దు చేయాలి. తిరిగి రావాల్సింది 495. ప్యాకింగ్ చార్జీ అనే గడి ఉన్న ఆర్డరును పాత పద్ధతి చదవగలదా అన్నది అప్పుడు బయటపడుతుంది. చదవలేకపోతే ఆ ఫ్లాగును ఆఫ్ చేయగలమన్నది వట్టి భ్రమ.

విరుగుడు సులువైనదే. ఆర్డర్ తయారైనప్పుడు ఫ్లాగును ఒక్కసారే అడిగి, వచ్చిన జవాబును ఆర్డరుతో పాటే రాసిపెట్టాలి. చెల్లింపు, బిల్లు, రీఫండ్ అన్నీ ఆ రాతనే చూడాలి. అయితే ప్రతి ఫ్లాగుకూ ఇది తగదు. భద్రతలో కన్నం పడి ఒక సదుపాయాన్ని ఆపాల్సివస్తే, పని మధ్యలో ఉన్నవారికి కూడా తక్షణం ఆగిపోవాలి. ఏ ఫ్లాగ్ ఏ రకానిదో దాన్ని పుట్టించినప్పుడే నిర్ణయించి రాసుకోవాలి. లేకపోతే టెస్టరుకు ఏది సరైన ఫలితమో తెలియదు.

మరో సంగతి. ఫ్లాగ్ మార్పు అన్ని సర్వర్లకూ ఒకే క్షణంలో అందదు. చాలా సర్వర్లు పాత జవాబును కొంతసేపు దాచుకుంటాయి. ఆ కాసేపట్లో ఒకే మనిషి నొక్కిన రెండు బటన్లు రెండు రకాల సర్వర్లకు వెళ్లవచ్చు. కాబట్టి ఒక సర్వరును ఆన్‌లో, మరొకదాన్ని ఆఫ్‌లో కావాలనే ఉంచి ఆర్డర్ పూర్తి చేసి చూడాలి.

ఇన్ని చూసినా మిగిలే తప్పుల కోసం కేనరీ రిలీజ్ ఉంది. కొత్త కోడును ముందు ఏ ఒక్క శాతం మందికో ఇచ్చి, వారికి వచ్చే లోపాలను మిగతావారికి వచ్చే లోపాలతో పోల్చి, తేడా లేకపోతేనే విస్తరిస్తారు. మంచి పద్ధతే, కానీ దాని చూపుకు హద్దుంది. రోజుకు లక్ష ఆర్డర్లు వచ్చే యాపులో ఒక శాతం అంటే 1,000. ఒక లోపం 2,000 ఆర్డర్లలో సగటున ఒకదానికి తగిలేదైతే, మొదటి రోజు అసలే కనిపించకపోయే అవకాశం 60 శాతం. అరుదైన లోపాన్ని పట్టాలంటే ఎక్కువ రోజులైనా ఆగాలి, ఎక్కువ మందికైనా ఇవ్వాలి.

అసలు నడవని కోడు గురించి కేనరీ ఏమీ చెప్పలేదు. 2025 మే 29న గూగుల్ క్లౌడ్ తన ఒక ముఖ్య వ్యవస్థలో కోటాలను అదనంగా తనిఖీ చేసే కోడు చేర్చి, ప్రాంతాల వారీగా జాగ్రత్తగా విస్తరించింది. ఎక్కడా తేడా రాలేదు. ఎందుకంటే ఒక తరహా విధాన సమాచారం వస్తేనే ఆ కోడు నడుస్తుంది, విస్తరణ సమయంలో అది రాలేదు. జూన్ 12న ఖాళీ గడులున్న అలాంటి సమాచారం వచ్చి, కొన్ని సెకన్లలో ప్రపంచమంతా పాకింది. ఆ వ్యవస్థ ప్రతిచోటా కుప్పకూలింది, దాని మీద ఆధారపడ్డ ఎన్నో సేవలు గంటల తరబడి తడబడ్డాయి. ఆ కోడుకు ఫ్లాగ్ రక్షణ లేదని గూగుల్ తన నివేదికలో ఒప్పుకుంది. ఫ్లాగ్ ఉండివుంటే పరీక్ష దశలోనే లోపం దొరికేదని రాసింది. ముఖ్యమైన ప్రోగ్రాముల్లో చేసే ప్రతి మార్పునూ ఇకపై ఫ్లాగ్ వెనకే ఉంచుతామని, మొదట అది ఆఫ్‌లోనే ఉంటుందని ప్రకటించింది.