SUM కూడని జమ

చొప్పదండిలో ఒక ఎరువుల దుకాణం ఉద్దెర లెక్క చూసిన. ఒక రైతు మొత్తం కట్టిన అంటడు, ఎక్సెల్ మాత్రం ఇంకా 8,500 బాకీ చూపిస్తది. జమ వరుసలో ఆ 8,500 కనిపిస్తూనే ఉంది, SUM ఫార్ములా కూడా సరైనదే. వాట్సాప్ నుంచి పేస్ట్ చేసినప్పుడు అంకె వెనుక కనపడని ఖాళీ ఒకటి అంటుకొచ్చి, అది అక్షరాల కింద జమయింది. SUM అక్షరాలను కూడదు, తప్పని కూడా చెప్పదు. పట్టుకోవడానికి ఇది రాసిన:

```
=COUNTA(D2:D9)-COUNT(D2:D9)
```

నిండిన గడుల్లో అంకెలు కానివి ఎన్నో ఇది చెప్తది. సున్నా రావాలి, 1 వచ్చింది. ఆ అంకెను మళ్లీ టైప్ చేస్తే బాకీ పోయింది.

అయితే 'ఫైనల్', 'ఫైనల్2' అని రెండు ఫైళ్లున్నయి. అందుకే తేదీ పేరుతో ఒక్కటే ఉంచి, ఫార్ములాలకు తాళం వేసినం. పేస్ట్ తప్పును మాత్రం తాళం ఆపదు. ఆ సున్నాను నెలనెలా చూడాల్సిందే.